డాన్స్ డ్రెస్ కొలతలు: పాప మండిలో కూర్చోగానే వెనక కుట్టు చిరిగిపోయింది, ఈసారి ఎలా ఇవ్వాలి?

మువ్వల_అమ్మ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాపకి 9 ఏళ్ళు, కూచిపూడి నేర్చుకుంటోంది. నాలుగో ఏడు. పోయినసారి కార్యక్రమానికి పట్టుతో పైజామా డ్రెస్ కుట్టించాం. కుట్టిన నాలుగు నెలలకే వేదిక మీద మండిలో కూర్చోగానే వెనక చిరిగింది. కుచ్చెళ్ళు, వెనక ముక్క అడ్డం ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనపడలేదు కానీ, పిల్ల మిగతా జతులన్నీ సగం సగం కూర్చునే చేసింది. మెట్లు దిగి రాగానే ఏడుపు.

ఇప్పుడు కొత్తది కుట్టించాలి. దగ్గర్లో ఉన్న టైలర్ మంచి పనివాడే కానీ డాన్స్ డ్రెస్సులు ఎక్కువ కుట్టలేదు. "కొలతలు మీరు సరిగ్గా ఇస్తే నేను కుడతా" అన్నాడు. ఏమేం కొలవాలి, ఎలా నిలబెట్టి కొలవాలి, పిల్ల ఎదుగుతుంది కదా, ఎంత గుడ్డ లోపల వదలమనాలి? బాగా వదులుగా కుట్టించమని మా అత్తయ్య అంటున్నారు.

కుచ్చెళ్ళ_కాంతం | శనివారం, రాత్రి 10:05

మా ఇద్దరమ్మాయిలకీ పదేళ్ళ పాటు కుట్టించాను అండీ. నా పద్ధతి ఒకటే. నడుము దగ్గర నాలుగు ఇంచులు మడిచి లోపల పెట్టించాలి. పొడుగు పెరిగేకొద్దీ విప్పుకుంటూ పోవడమే. కింద అంచు ఉంటుంది కాబట్టి కింద వదలకూడదు, జరీ అంచు మడతలో పడితే బాగుండదు. పక్క కుట్లలో కూడా గుడ్డ వదలమనండి. అంతే, పెద్ద విషయమేం కాదు.

తాళం_తప్పని_రావు | శనివారం, రాత్రి 10:31

అద్దెకు తీసుకోవడం మేలు కదా? తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంత ఖర్చెందుకు. వయసు చెప్తే వాళ్ళే సైజు ఇస్తారు, 8-10 అని ఒక సైజు ఉంటుంది.

మువ్వల_అమ్మ | శనివారం, రాత్రి 10:38

రావు గారూ, అద్దె సంగతి కాదండీ నేను అడిగింది. పోయిన ఏడాది ఒకసారి తెస్తే జాకెట్టు భుజాలు జారాయి, పైజామా చీలమండ పైకి పోయింది. అందుకే కుట్టించడం మొదలుపెట్టాం.

సూది_దారం | ఆదివారం, ఉదయం 7:15

డాన్స్ డ్రెస్సులు ఇరవై ఏళ్ళకి పైగా కుడుతున్నాను. ముందు ఒక మాట చెప్పండి అమ్మా. చిరిగిన చోట తెగింది దారమా, గుడ్డా? పాత డ్రెస్ తిరగేసి చూడండి. దారం తెగి గుడ్డ బాగానే ఉంటే కుట్టు పని బాగాలేదు, ఇంకో రెండు కుట్లు వేస్తే పోతుంది. కుట్టు నిలబడి దాని పక్కన పట్టు పోగులు విడిపోయి ఉంటే మాత్రం కొలతే తప్పు.

ఇంకోటి. టేపు పెట్టి ముందు నడుము నుంచి కాళ్ళ మధ్యగా వెనక నడుము దాకా, పాత డ్రెస్ కుట్టు వెంబడి ఎంత ఉందో కొలిచి చెప్పండి.

మువ్వల_అమ్మ | ఆదివారం, ఉదయం 9:02

గుడ్డే పోయింది అండీ. కుట్టు పక్కన నిలువుగా పోగులు విడిపోయి జల్లెడలా ఉంది. ఆ కుట్టు పొడవు 20.5 ఇంచులు.

సూది_దారం | ఆదివారం, ఉదయం 11:20

అనుకున్నదే. పట్టు సాగదు. పిల్ల కింద కూర్చున్నప్పుడు వెనక భాగం పొడుగు అడుగుతుంది, నడుము దగ్గరేమో బొందు, వడ్డాణం బిగించి పట్టుకున్నాయి. ఇక గుడ్డ వెళ్ళడానికి దారి లేదు, పోగులు విడిపోయాయి. సాగే గుణం గుడ్డలో లేనప్పుడు కటింగ్‌లో ఉండాలి. వదులుగా కుట్టినంత మాత్రాన రాదు. చుట్టుకొలత ఎంత వదిలినా ఆ కుట్టు పొడవు చిన్నదైతే ఇదే జరుగుతుంది.

కొలతలు ఇలా తీయండి. సాధన అయ్యాక, డ్రెస్ లోపల వేసుకునే బనీను, లెగ్గింగ్‌తోనే తీయాలి. మొదట నడుముకి ఒక నాడా కట్టండి, బిగుతుగా కాదు, జారకుండా. వడ్డాణం ఎక్కడ ఉంటుందో అక్కడ. పై నుంచి కిందికి తీసే ప్రతి కొలతా ఆ నాడా నుంచే మొదలవ్వాలి. లేకపోతే నిలబడ్డప్పుడు ఒక నడుము, కూర్చున్నప్పుడు ఇంకో నడుము అవుతుంది.

ఆ తర్వాత ఒక్కో కొలతా మూడుసార్లు తీయాలి. నిలబడి, అరమండిలో, పూర్తి మండిలో. నడుము, సీటు, మోకాలు చుట్టూ, ముందు నాడా నుంచి కాళ్ళ మధ్యగా వెనక నాడా దాకా, నడుము నుంచి పక్కగా చీలమండ దాకా. చివరిది అరమండిలో తీసేటప్పుడు టేపు గాలిలో నిటారుగా కాదు, మోకాలి మీదుగా వంచి తేవాలి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి పక్కన నాడా నుంచి కుర్చీ దాకా కూడా ఒకటి తీయండి. ఇంకా ఒకటుంది, దీన్ని అందరూ మర్చిపోతారు. కాళ్ళు బాగా చాచే అడుగు ఏదుంటే అది వేయించి, ఒక చీలమండ నుంచి రెండో చీలమండ దాకా.

అరమండి_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

చివరి కొలత గురించి ఒక మాట. ఇంట్లో అమ్మ టేపు పట్టుకుని నిలబడితే పిల్లలు సిగ్గుపడి సగం కాలే చాస్తారు. పాట పెట్టి ఆడించి, ఆ అడుగు దగ్గర "ఆగు" అనండి. వేదిక మీద ఎంత చాస్తారో అప్పుడే తెలుస్తుంది. నా క్లాసులో ఒకమ్మాయి కుచ్చెళ్ళ కుట్టు చీలమండ దగ్గర మూడుసార్లు ఊడింది. చూస్తే కుచ్చెళ్ళు మొత్తం విప్పినా దాని అడుగుకి సరిపోవట్లేదు. కాళ్ళకి తాడు కట్టి ఆడమన్నట్టే ఉంది.

మువ్వల_అమ్మ | సోమవారం, రాత్రి 8:47

తీశాను అండీ. మా ఆయన రాసుకున్నారు, నేను కొలిచాను, పాప రెండుసార్లు పారిపోయింది. అన్నీ ఇంచుల్లో:

నిలబడి: నడుము 22, సీటు 26, మోకాలు 11, కాళ్ళ మధ్యగా 21.5, పక్క పొడవు 29.
అరమండిలో: నడుము 22.5, సీటు 28, మోకాలు 12.5, కాళ్ళ మధ్యగా 23.5, పక్క పొడవు మోకాలి మీదుగా 30.5.
మండిలో: సీటు 28.5, కాళ్ళ మధ్యగా 24.5.
కుర్చీలో 8.5. చాచిన అడుగు 31.

నిలబడ్డప్పుడు 21.5, మండిలో 24.5! మూడు ఇంచుల తేడా ఉంటుందని అనుకోలేదు.

లైక్రా_లత | సోమవారం, రాత్రి 9:15

పైజామా మధ్యలో సాగే గుడ్డ ముక్క వేస్తే ఈ గొడవే ఉండదు కదా? లేదంటే ఆ ముక్కని ఏటవాలుగా, అంటే క్రాస్‌లో కత్తిరిస్తే పట్టు కూడా కాస్త సాగుతుంది.

సూది_దారం | సోమవారం, రాత్రి 10:40

లత గారు సగం దారిలో ఉన్నారు. సాగే గుడ్డ వేస్తే ఆ ముక్క సాగుతుంది, దాని పక్కన పట్టు సాగదు. ఆ రెండూ కలిసే కుట్టు మీద బరువంతా పడుతుంది. నేను చూసిన వాటిలో చిరిగింది అక్కడే. క్రాస్ సంగతి నిజమే, గుడ్డ ఏటవాలు వైపు సాగుతుంది. కానీ ముక్కని క్రాస్‌లో కత్తిరించక్కర్లేదు.

నాలుగు ఇంచుల చతురస్రం నిలువు పోగు, అడ్డ పోగు వెంబడే నేరుగా కత్తిరించండి. దాన్ని కాళ్ళ మధ్య మూల ముందుకి, మూల వెనక్కి వచ్చేలా, గాలిపటంలా పెట్టి కుట్టాలి. అప్పుడు నాలుగు అంచులూ పోగు వెంబడి ఉంటాయి కాబట్టి కుట్లు సాగి పాడవవు. ముందు నుంచి వెనక్కి, ఒక కాలి నుంచి రెండో కాలికి మాత్రం ఏటవాలు వస్తుంది. సాగాల్సింది సరిగ్గా ఆ రెండు వైపులే. గుడ్డ పట్టే అయి ఉండక్కర్లేదు, అదే రంగు గట్టి నూలుగుడ్డ మేలు. చెమట కూడా అక్కడే కదా. చుట్టూ కుట్టుకి అర ఇంచు చొప్పున వేసి అయిదు ఇంచుల ముక్క కోయాలి.

ఇప్పుడు మీ పాప లెక్క. కాళ్ళ మధ్యగా కావలసింది మండి కొలత, 24.5. నాలుగు ఇంచుల చతురస్రం మూల నుంచి మూలకి సుమారు 5.5 వస్తుంది. మిగిలింది 19. దాన్ని సగం సగం చేయకండి. కూర్చుంటే వెనక పెరుగుతుంది, ముందు మడత పడుతుంది. కాబట్టి ముందు 8.25, వెనక 10.75. సీటు 28.5 మీద మూడు ఇంచులు కలిపి 31.5. మోకాలు 12.5 మీద రెండు ఇంచులు.

కుచ్చెళ్ళ_కాంతం | సోమవారం, రాత్రి 11:02

మరి పెరిగే పొడుగు? నేను చెప్పిన నడుము మడత గురించి ఏమీ అనలేదు మీరు.

సూది_దారం | మంగళవారం, ఉదయం 6:50

కోపం తెచ్చుకోకండి కాంతం గారూ. అంచు కింద మడవకూడదన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నడుము దగ్గర వదలడం కుచ్చెళ్ళకి సరే. పైజామాకి మాత్రం కాదు. నడుము దగ్గర రెండు ఇంచులు విప్పారనుకోండి, చీలమండతో పాటు కాళ్ళ మధ్య కుట్టు కూడా రెండు ఇంచులు కిందికి దిగుతుంది. అది తొడల మధ్యకి దిగితే కాళ్ళు విడదీసినప్పుడల్లా రెండు తొడలనీ కలిపి పట్టుకుంటుంది. అరమండి తెరుచుకోదు. పిల్ల బద్ధకిస్తోందని టీచర్ తిడతారు, తప్పు పైజామాది.

ఈ వయసులో పిల్లలు ఏడాదికి రెండు, రెండున్నర ఇంచులు పెరుగుతారు. అందులో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కాళ్ళలోనే. ఆ పొడుగు కాళ్ళ మధ్య కుట్టుకి కింద కలవాలి. అందుకని తొడ మీద, ఆ కుట్టుకి మూడు ఇంచుల కింద అడ్డంగా ఒక మడత వేయిస్తాను. ఇంచు లోతు మడత విప్పితే రెండు ఇంచులు వస్తుంది. ముందు కుచ్చెళ్ళు, వెనక ముక్క దాన్ని కప్పేస్తాయి. మీ వెనక ముక్క మరీ పొట్టిగా ఉంటే పక్కన కనపడుతుంది, అది ముందే చూసుకోండి.

కుచ్చెళ్ళు నడుము నుంచి వేలాడతాయి, పక్కలు పైజామా కాళ్ళ లోపలి వైపు కుట్టి ఉంటాయి. పైజామా రెండు ఇంచులు దిగితే అవీ రెండు దిగాలి. వాటికి నడుము పట్టీలో రెండు ఇంచులు మడిచి పెట్టండి. అంటే ఒకే పెరుగుదలకి రెండు చోట్ల విప్పడం. ఒకటి విప్పి రెండోది మర్చిపోతే కుచ్చెళ్ళు ఉయ్యాలలా లాగి పట్టుకుంటాయి. కుచ్చెళ్ళ పక్క కుట్టు ఆ తొడ మడతకి కింద నుంచే మొదలవ్వాలని టైలర్‌కి గట్టిగా చెప్పండి.

మడతని మెషిన్‌తో వద్దు. చేత్తో పెద్ద పెద్ద కుట్లు, వదులు దారం. పట్టు మీద మెషిన్ సూది బొక్కలు విప్పాక కూడా గీతలా కనపడతాయి.

కుచ్చెళ్ళ_కాంతం | మంగళవారం, ఉదయం 8:33

మా పెద్దది పదకొండో ఏట అరమండి పోగొట్టుకుందని వాళ్ళ మాస్టారు నెలలు నెలలు సతాయించారు. ఆ ఏడు నేను రెండు మడతలు విప్పాను. ఇప్పుడు అర్థమవుతోంది. సరే.

శివతాండవం_నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 1:25

మాది అబ్బాయి, 12 ఏళ్ళు. కుచ్చెళ్ళు లేవు, కుట్టిన ధోవతి. ఆర్నెల్లలో రెండు ఇంచులు పెరిగాడు. తొడ మడత వేస్తే కప్పడానికి ఏమీ లేదు మాకు. ఏం చేయాలి?

సూది_దారం | మంగళవారం, మధ్యాహ్నం 3:00

మీకు ముందు వేలాడే మడతల ముక్క ఉంటుందిగా, దాని కింద దాచగలిగితే దాచాలి. పక్కల్లో మాత్రం కనపడుతుంది. నిజం చెప్పాలంటే ఆ వయసు అబ్బాయికి నేను కార్యక్రమానికి నెల ముందు కొలత తీసి, అప్పుడే కుడతాను. ముందు కుట్టి దాచుకోవడం దండగ.

మువ్వల_అమ్మ | గురువారం, రాత్రి 9:55

మా టైలర్‌కి ఫోన్లో ఇవన్నీ చదివి వినిపించాను. ముందు పాత నూలు చీరతో ఒక నమూనా పైజామా కుడదాం, దాంతో ఆడించి చూడండి అన్నాడు. కుట్టి ఇచ్చాడు. పాప వేసుకుంది, అరమండి హాయిగా వచ్చింది. కాళ్ళు చాచినా ఎక్కడా పట్టలేదు. మండిలో మాత్రం వెనక నడుము రెండు వేళ్ళు కిందికి దిగింది, బనీను బయటికి వచ్చింది. 24.5 సరిపోలేదా?

సూది_దారం | శుక్రవారం, ఉదయం 7:05

టైలర్ తెలివైనవాడు, వదులుకోకండి. నమూనాలో ముడతలు ఎటు లాగుతున్నాయో చూశారా? కాళ్ళ మధ్య నుంచి తొడల వైపు నవ్వు ఆకారంలో గీతలు వస్తే అక్కడ చాలలేదని. అవి లేకుండా వెనక నడుము ఒక్కటే దిగితే వెనక పొడవు మాత్రమే తక్కువ. మండిలో కొలిచేటప్పుడు పాప ముందుకి వంగిందేమో, లేదా నాడా కిందికి జారిందేమో. వీపు నిటారుగా పెట్టించి మళ్ళీ కొలవండి.

మువ్వల_అమ్మ | శుక్రవారం, రాత్రి 8:20

మళ్ళీ కొలిచాం. 25.5! మొదటిసారి పాప నవ్వుతూ నాడా పట్టుకుని లాగుతూ ఉంది, అదే అయ్యుంటుంది. ఆ ఇంచు ముందూ వెనకా పంచమనాలా?

సూది_దారం | శుక్రవారం, రాత్రి 9:10

వద్దు. మొత్తం వెనకే. అదీ వెనక మధ్యలో పై నుంచి ఇంచు ఎత్తు, పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి సున్నా, వాలుగా. పక్కల్లో పెంచితే నడుము దగ్గర సంచిలా ఉబ్బుతుంది.

అరమండి_టీచర్ | శుక్రవారం, రాత్రి 10:02

పక్క పొడవు ఎంత పెట్టారు? 30.5 మొత్తం పెడితే నిలబడ్డప్పుడు చీలమండ పైన ముడతలు పడతాయి. నా పిల్లలకి 30 దాటనివ్వను. కాలు చక్కగా కనపడాలి.

సూది_దారం | శనివారం, ఉదయం 6:40

టీచర్ గారూ, అర ఇంచు తగ్గిస్తే అరమండిలో చీలమండ హుక్కు పైకి ఎక్కి గజ్జెల పట్టీ కింద నుంచి జారుతుంది. ముడతల మీద గజ్జెలు కడితే అవి కనపడవు. నేను మొత్తం పెడతాను.

అరమండి_టీచర్ | శనివారం, ఉదయం 9:30

గజ్జెలు పైజామా మీద కట్టే వాళ్ళకి మీ మాట. మా దగ్గర పైజామా గజ్జెలకి పైనే ఆగుతుంది. మువ్వల అమ్మ గారూ, మీ గురువుగారు ఎలా కట్టిస్తారో అడిగి నిర్ణయించండి, మా ఇద్దరి మాటా వినకండి.

లైక్రా_లత | శనివారం, మధ్యాహ్నం 12:15

జాకెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. చేతులు పైకెత్తితే లేవకుండా చంక లోతుగా, వదులుగా కోయించండి.

సూది_దారం | శనివారం, మధ్యాహ్నం 2:45

ఇది రివర్స్ అమ్మా. చంక ఎంత కిందికి కోస్తే చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు అంత పైకి లేస్తుంది, ఎందుకంటే చేతి కుట్టు నడుము వైపుకి దిగిపోయి పక్కని లాగుతుంది. చంక పైకి, శరీరానికి దగ్గరగా ఉండాలి. చెయ్యి కింద చిన్న చతురస్రం వేసుకోవచ్చు, పైజామాలో వేసినట్టే. వీపు అడ్డం కొలత రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకి పెట్టించి తీయండి.

పిల్ల ఛాతీ ఎంతో దాని మీద ఇంచు కలిపి కుట్టి, పక్క కుట్లలో నాలుగు అంచులకీ మామూలు కుట్టు గుడ్డ కాక ఇంచు చొప్పున అదనంగా వదలమనండి. ముప్పావు చొప్పున విప్పినా మూడు ఇంచులు వస్తుంది, ఏడాదిన్నరకి చాలు. చంక వంపులో మాత్రం అర ఇంచు కంటే ఎక్కువ వద్దు, గుట్టలా పేరుకుని ఒరుస్తుంది.

లైనింగ్ మర్చిపోకండి. పైన పట్టులో ఇంచు వదిలి లైనింగ్‌లో పావు ఇంచు వదిలిన డ్రెస్సులు నా దగ్గరికి ఎన్నో వస్తాయి. విప్పడానికి ఏముంటుంది అందులో? నూలు లైనింగ్‌ని కోసే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే చెమటకి, ఉతుకుకి అది కుంచించుకుని పైన పట్టుని లాగుతుంది.

తాళం_తప్పని_రావు | శనివారం, సాయంత్రం 5:05

ఇన్ని లెక్కలు చూశాక నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది, అద్దే నయం.

మువ్వల_అమ్మ | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:12

డ్రెస్ వచ్చింది అండీ. నిన్న రిహార్సల్‌లో పాప తరంగం సగం దాకా వేసుకుని ఆడింది. మండిలో పూర్తిగా కూర్చుంది, నడుము కదలలేదు. మా గురువుగారు గజ్జెలు పైజామా మీదే కట్టిస్తారట, అందుకని 30.5 పెట్టించాం.

ఒక్క చిక్కు. అరమండిలో కుచ్చెళ్ళ మధ్య మడత పాదాల మీదికి దిగుతోంది. పళ్ళెం ఎక్కేటప్పుడు కాలి వేలికి తగిలింది. నిలబెట్టి చూసినప్పుడు పొడవు సరిగ్గానే ఉంది.

సూది_దారం | సోమవారం, ఉదయం 6:55

అది నేను చెప్పాల్సింది, మర్చిపోయాను. కుచ్చెళ్ళ పొడవు నిలబడి నిర్ణయించకూడదు. అరమండిలో నడుము దిగుతుంది, దాంతో మధ్య మడత దిగుతుంది. పక్క మడతలకి ఆ బాధ లేదు, కాళ్ళు వాటిని పక్కలకి లాక్కుంటాయి. పాపని అరమండిలో పెట్టి, మధ్య మడతలు పాదాలకి తగలకుండా ఎంత ఎత్తాలో పిన్నులతో గుర్తు పెట్టండి. కింద కోయాలని చూడకండి, అంచు పోతుంది. నడుము పట్టీలో మధ్య భాగం మాత్రం ఇంకాస్త లోపలికి తోయించండి. ఇప్పటికే అక్కడ రెండు ఇంచులు ఉన్నాయి కాబట్టి మధ్యలో కాస్త లావు వస్తుంది, వడ్డాణం కింద ఉంటుంది లెండి.

మువ్వల_అమ్మ | సోమవారం, రాత్రి 9:30

పిన్ను పెట్టి చూశాం, ఇంచుంపావు. రేపు టైలర్ దగ్గరికి. పాప అప్పుడే ఆ నమూనా పైజామా సాధనకి వేసుకుంటానని పట్టుబట్టి తీసేసుకుంది.

శివతాండవం_నాన్న | మంగళవారం, ఉదయం 7:20

మావాడి కార్యక్రమం వాయిదా పడింది. మళ్ళీ కొలవాలేమో.